రెండో కొట్లోనూ అదే ఎర్రకారం రావాలంటే

కడప శంకరాపురంలో మా ఇంటి ముందు వేసే కారం దోశకు గిరాకీ పెరిగాక, ఏడురోడ్ల దగ్గర రెండో కొట్టు తెరిచాం. వారం తిరగకముందే "అక్కా, అక్కడ కారం చప్పగా ఉందే" అన్నారు. అప్పుడు నేర్చుకున్న పద్ధతి ఇది.

ముందు మీ చేతి కొలతను గ్రాముల్లోకి మార్చండి. గుర్తుతెచ్చుకుని రాస్తే తప్పు వస్తుంది. ఉప్పు డబ్బాను వంటకు ముందోసారి, తర్వాతోసారి తూచండి. ఆ తేడానే మీ "పిడికెడు". మూడు రోజులు తూచి సగటు తీయండి. మాకు తేలింది: తొడిమలు తీసిన ఎండుమిర్చి 200 గ్రాములు, ఒలిచిన ఉల్లి కిలో, వెల్లుల్లి 100, ఉప్పు 40. మిర్చి నానబెట్టి రుబ్బితే సుమారు 1600 గ్రాముల కారం వస్తుంది. మిర్చి బస్తా మారితే ఘాటు మారుతుంది కాబట్టి, కొత్త బస్తా విప్పగానే కొంచెం రుబ్బి పాతదాని పక్కన పెట్టి రుచి చూడాలి.

రుబ్బడం ఒక్కచోటే జరగాలి. కొత్త కొట్లో పెనం పనే ఉండాలి. పిండి కూడా ఇంట్లోనే పులియబెడతాం. కడప ఎండలకు గడియారాన్ని నమ్మలేం. నిటారు గాజు గ్లాసులో కొంచెం పిండి పోసి, మట్టానికి రబ్బరు బ్యాండు వేస్తాం. సగం ఎత్తు పెరగగానే పిండంతా ఫ్రిజ్‌లోకి వెళ్తుంది.

దోశకు ఒక చెంచా, అంటే 15 గ్రాముల కారం. రెండు చోట్లా ఒకే రకం చెంచా, ఒకే గరిటె వాడాలి.

ఇక చప్పదనం సంగతి. ఆ రోజు 1600 గ్రాములు పంపాం, 80 దోశలు అమ్ముడయ్యాయి. 1200 ఖర్చయి 400 మిగలాలి. తూస్తే 600 ఉంది! చెంచా అదే. మిగిలిన కారం పళ్లెంలో వేసి చూస్తే అంచుల్లో నీళ్లు ఊరాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కారం గట్టిగా ఉండి దోశ మీద పరుచుకోక, కుర్రాడు నీళ్లు కలిపాడు. పాపం, వాడిని తిట్టి లాభం లేదు. 400 గ్రాముల చిన్న డబ్బాల్లో పంపి, ఒక్కోటి వాడే ముందు కాసేపు బయట పెట్టమన్నాం. పచ్చి ఉల్లి కారం కాబట్టి బయట తెరిచిన డబ్బాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టం, మరుసటి రోజుకు దాచం.

రాత్రి కొట్టు కట్టేముందు మిగిలినదాన్ని తూచి, అమ్మిన దోశల లెక్క పక్కన రాయించండి. లెక్క తప్పితే ఆ రాత్రే అడగండి.

ఇంటికున్న ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కొత్త కొట్టుకు చెల్లదు. దానికి విడిగా తీసుకోవాలి.