గ్రామర్ తప్పు లేదు, అర్థమే మారిపోయింది: ఫ్రెంచ్ రాతలో ఇంగ్లిష్ పోలిక మాటలు

సమస్య

ఫ్రెంచ్‌లో బి1 దాటినవాళ్ల ఉత్తరంలో స్పెల్లింగ్ బాగుంటుంది, క్రియలూ బాగుంటాయి. అయినా చదివినవాళ్లకు వేరే సంగతి అర్థమవుతుంది. స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టదు, ఎందుకంటే అది నిజంగా ఫ్రెంచ్‌లో ఉన్న మాటే.

ఈ మధ్య ఒక తమ్ముడు ఫ్రాన్స్‌లో మాస్టర్స్ కోసం రాసుకున్న మోటివేషన్ లెటర్ చూపించాడు. చివర్లో "ఎవాంత్యుయెల్మాఁ, జ రాంత్రెరే ఆనేఁద్" అని ఉంది. కొన్నాళ్లకు తప్పకుండా ఇండియా తిరిగొస్తాను అని అతని ఉద్దేశం. ఫ్రెంచ్‌వాళ్లకు మాత్రం "అవసరమైతే వస్తానేమో" అని వినిపిస్తుంది. గట్టిగా చెప్పాల్సిన చోటే మాట సడలిపోయింది.

కారణం

ఇంగ్లిష్ 'ఈవెంచువల్లీ', ఫ్రెంచ్ 'ఎవాంత్యుయెల్మాఁ' రెండూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి. ఆ మూలానికి 'జరిగినది, ఫలితం' అని అర్థం. ఇంగ్లిష్ 'చివరికి జరిగేది' అనే వైపు వెళ్లింది, ఫ్రెంచ్ 'జరిగితే జరగొచ్చు' అనే వైపు వెళ్లింది. మనం ఫ్రెంచ్ మాటను ఇంగ్లిష్ ద్వారా నేర్చుకుంటాం కాబట్టి ఈ తేడా కనిపించదు. 'ఆక్త్యుయెల్మాఁ' కూడా అంతే: దానికి అర్థం 'ప్రస్తుతం', ఇంగ్లిష్ 'యాక్చువల్లీ'లా 'నిజానికి' అని కాదు.

పరిష్కారం

నోట్‌బుక్‌లో ఫ్రెంచ్ మాట పక్కన ఇంగ్లిష్ రాయకండి, తెలుగు రాయండి. ఎవాంత్యుయెల్మాఁ: అవసరమైతే, బహుశా. ఆక్త్యుయెల్మాఁ: ప్రస్తుతం. 'నిజానికి' కావాలంటే 'ఆఁ ఫెత్'. ఇలా రాసుకుంటే ఇంగ్లిష్ పోలిక మధ్యలోకి రాదు.

అనుమానం వస్తే, ఆ మాట తీసి అక్కడ 'పెతెత్ర్' (బహుశా) పెట్టి చదవండి. మీ ఉద్దేశం చెడిపోతే 'ఎవాంత్యుయెల్మాఁ' అక్కడ పనికిరాదు. తమ్ముడి వాక్యం ఇలాగే దొరికింది.

దాని బదులు 'ఫినాల్మాఁ' పెడదామన్నాడు. నేను వద్దన్నాను. భవిష్యత్ ప్లాన్ చెప్పేటప్పుడు అది "చివరికి మనసు మార్చుకుని" అన్నట్టు ఉండొచ్చు. "ఆ లా ఫేఁ ద మెజెత్యూద్, జ రాంత్రెరే ఆనేఁద్" అని మార్చాం. చదువు పూర్తయ్యాక వస్తాను అని సూటిగా ఉంది. దూరపు లక్ష్యమైతే 'ఆ తెర్మ్' సరిపోతుంది.

అదే లెటర్‌లో ఇంకొకటి: "జే ఆతాందు లా కాన్ఫెరాన్స్". కాన్ఫరెన్స్‌కి హాజరయ్యాను అనుకున్నాడు, కానీ ఆ వాక్యానికి అర్థం కాన్ఫరెన్స్ కోసం ఎదురుచూశాను అని. 'ఆతాంద్ర్' అంటే ఎదురుచూడటం. హాజరవడానికి 'ఆసిస్తే ఆ' వాడాలి, చివరి 'ఆ' వదలకూడదు. అది లేకుండా మనిషిని జోడిస్తే 'సాయం చేశాను' అవుతుంది.

తెలుగు పద్ధతికీ ఒక హద్దుంది. 'ఎక్స్‌పెరియాన్స్' అనే ఫ్రెంచ్ మాట అనుభవానికీ, ల్యాబ్‌లో చేసే ప్రయోగానికీ ఒకటే. అలాంటివాటికి ఒక తెలుగు మాట చాలదు, ముందున్న క్రియనూ కలిపి రాసుకోవాలి: 'ఫెర్ యూన్ ఎక్స్‌పెరియాన్స్' ల్యాబ్ సందర్భంలో ప్రయోగం చేయడం, 'అవ్వార్ ద లెక్స్‌పెరియాన్స్' అనుభవం ఉండటం.