హార్డ్ డిస్క్ పాఠాలు – 4: ప్లగ్ చేసినా ఉలుకూ పలుకూ లేనప్పుడు

పోయిన పాఠంలో డ్రైవ్ కనిపిస్తూనే ఫైళ్లు తెరుచుకోకపోవడం చూశాం. ఈసారి అసలు కనిపించని డ్రైవ్. ఇందులో చాలామంది చేసే తప్పు, ముందే డబ్బా విప్పేయడం.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఓ ఫొటో స్టూడియో ఆయన డెస్క్‌టాప్ డ్రైవ్ తెచ్చారు. గోడ ప్లగ్‌కు అడాప్టర్ పెట్టుకునే పెద్ద రకం. లోపల రెండు పెళ్లిళ్ల ఫొటోలు. "లైటు వెలుగుతోందండీ, కంప్యూటర్‌లో ఏమీ రావట్లేదు. బోర్డు పోయిందన్నారు" అన్నారు.

డబ్బా మీద అరచెయ్యి ఆనించాను. తిరుగుతున్న డిస్క్ సన్నగా అదురుతుంది. ఇది రెండు సెకన్లు కదలబోయి ఆగిపోతోంది, మళ్లీ మొదలెడుతోంది. మీటర్ పెడితే అడాప్టర్ 12.1 వోల్టులు చూపించింది. ముందు చూసినవాళ్లు ఇక్కడే ఆగినట్టున్నారు. ఏ బరువూ లేనప్పుడు చూపే వోల్టేజీని నమ్మకూడదు. డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది.

అందుకే 12 వోల్టులు, 10 వాట్ల బైక్ ఇండికేటర్ బల్బు ఒకటి దగ్గర పెట్టుకోండి. దాన్ని అడాప్టర్‌కు తగిలిస్తే సుమారు 0.8 ఆంపియర్ లాగుతుంది. బల్బు వెలుగుతుండగా మీటర్ చూశాను. 7 వోల్టులకు పడిపోయింది. లోపలి కెపాసిటర్ నీరసించిన అడాప్టర్లు ఇలాగే మోసం చేస్తాయి. డ్రైవ్ మీది లైటు వెలగడానికి అంత కరెంటు అక్కర్లేదు మరి.

అదే వోల్టేజీ, అదే పోలారిటీ, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టగానే డిస్క్ నిలకడగా తిరిగింది, ఫోల్డర్లు వచ్చాయి. వెంటనే కాపీ తీసుకోమన్నాను. పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ మాత్రం గుచ్చకండి. ఆ దెబ్బకు డిస్క్ బోర్డే కాలిపోవచ్చు.

చేతిలో ఇమిడే చిన్న డ్రైవ్‌లకు కరెంటు యూఎస్‌బీ నుంచే వస్తుంది కాబట్టి వాటికి కేబులే పవర్ కూడా. హబ్ తీసేసి, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టులో పెట్టి, పొట్టి కేబుల్ మార్చి చూడండి. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్ అయితే డిస్క్ తిరుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కబురు అందదు.

పవర్, కేబుల్ రెండూ బాగుండి, డిస్క్ హాయిగా తిరుగుతున్నా Device Manager‌లో కొత్త పేరేదీ రాకపోతే, అప్పుడు బ్రిడ్జి బోర్డును అనుమానించండి. డిస్క్ మాట్లాడే సాటా భాషను యూఎస్‌బీ భాషలోకి మార్చే చిన్న బోర్డు అది. పేరు వచ్చి సైజు సున్నా చూపిస్తే బ్రిడ్జి బతికే ఉంది, తగవు డిస్క్ వైపు.

అనుమానం తీరాలంటే డబ్బా విప్పి, డిస్క్‌ను బయటికి తీసి, విడి డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే సాటా డాక్‌లో పెట్టాలి. చేతిలో ఇమిడే డ్రైవ్‌లు చాలావాటిలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది. విప్పినా సాటా దొరకదు. కొన్ని మోడళ్లలో బ్రిడ్జి చిప్పే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అలాంటిది డాక్‌లో పెడితే విండోస్ Initialize Disk అని అడుగుతుంది. Cancel నొక్కి, అదే మోడల్ బ్రిడ్జి బోర్డు వెతకండి.

వచ్చే పాఠంలో, తిరుగుతూ టక్ టక్‌మనే డిస్క్.