పెద్దలకు కాదని చెప్పడం, దోస్తుకు కాదని చెప్పడం: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి

సమస్య 1: మర్యాదగానే చెప్పినా పెద్దాయన నొచ్చుకున్నడు

దేవరకొండ నుంచి మేనమామ ఫోన్ చేసి, "ఐతారం పూలుపండ్లకు పోతున్నం, నువ్వు రావాలె" అన్నాడనుకుందాం. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఇట్లా జవాబిచ్చాడు: "రానండి మామయ్యా, నాకు డ్యూటీ ఉంది. మీరు వెళ్లి రండి." ఇందులో ఒక్క పరుషమైన మాట లేదు. అయినా అవతలి నుంచి "సరే తియ్" అని వినబడి ఫోన్ కట్టయింది. మన దిక్కు ఆ "సరే తియ్" ఒప్పుకోలు కాదు. మనసు నొచ్చుకుందనడానికి గుర్తు.

కారణం సగం వ్యాకరణంలోనే ఉంది. తెలుగు క్రియలో గౌరవం కనబడేది ఎదుటి మనిషో, మూడో మనిషో కర్తగా ఉన్నప్పుడే: నువ్వొస్తవు, మీరొస్తరు. కాదనేటప్పుడు కర్త "నేను". రాను, ఇయ్యను, చెయ్యను అనే రూపాలు తాతతో అన్నా, దోస్తుతో అన్నా ఒక్కతీరుగనే ఉంటాయి. కాబట్టి గౌరవం ఇంకోచోట కనబడాలి. పిలుపులో, కాదనడానికి ఎంచుకున్న క్రియలో, ఏది ముందు ఏది వెనక అన్న వరుసలో. పై జవాబు ఈ మూడుచోట్లా తప్పింది.

మొదట పిలుపు. మన పల్లెల్లో చాలా ఇండ్లల్ల అమ్మను, నాయినను, మేనమామను "నువ్వు" అనే పిలుస్తారు. అది అగౌరవం కాదు. "మామా", "పెద్దనాయినా", "కాకా" అన్న వరుసే అక్కడ గౌరవాన్ని మోస్తుంది. చిన్నప్పటి నుంచి "నువ్వు" అన్న మామను ఇయ్యాల "మీరు", "అండి" అంటే, దూరం జరిగినట్టో అలిగినట్టో వినబడుతుంది. పిల్లనిచ్చిన మామతోనో బావతోనో మొదటి నుంచీ "మీరు" అని మాట్లాడుతుంటే, అక్కడ "మీరు" తప్పనిసరి. ఇది ఇంటింటికీ మారుతుంది. అందుకే పట్టుకోవాల్సిన పద్ధతి ఒక్కటే: నిన్నటిదాకా ఏమని పిలిచామో, కాదనే రోజు కూడా అదే పిలుపు. వయసులో మనకంటే చిన్నోడైనా వరుసకు చిన్నాయిన అయితే, కాదనేటప్పుడు వరుసనే చూడాలె, వయసును కాదు.

రెండోది క్రియ. "రాను" అంటే నా నిర్ణయం. "రాలేను" అంటే రావాలనే ఉంది గానీ నాతోని కాదు. "వీలైతలేదు" అంటే అసలు తప్పు ఎవరిదీ కాదు, పరిస్థితిది. పెద్దవాళ్లతో మొదటిది ఎప్పుడూ వాడొద్దు. "రాలేకపోతున్న" అన్నది అన్నిటికంటే మెత్తన. అందులో బాధ కూడా కలిసి వినబడుతుంది. "అక్కర్లేదు", "ఇష్టం లేదు" అన్నవి కూడా "రాను" జాతికి చెందినవే. అన్నం దగ్గర "వద్దు" బదులు "చాలు అత్తమ్మా" అనడం కూడా ఇందుకే. "వద్దు" పెట్టే చేతిని తోసేస్తుంది, "చాలు" పెట్టినదాన్ని అందుకున్నానని చెబుతుంది.

మూడోది వరుస. పెద్దలతో కారణం ముందు రావాలి, కాదనేది వెనక రావాలి. అంతకంటే ముందు, వాళ్లు చెప్పిన ముచ్చటను మనం అందుకున్నట్టు ఒక్క మాట పడాలి. "మీరు వెళ్లి రండి" అన్నది మరీ ఘోరం. తనింటి శుభకార్యాన్ని పరాయివాళ్ల పనిగా చేసేసింది.

సరిచేసిన జవాబు ఇట్లా ఉంటుంది:

"మామా, మంచి ముచ్చట చెప్పినవ్. ఐతారం నాకు డ్యూటీ పడ్డది, మార్చుకునేటందుకు వీలైతలేదు. పూలుపండ్లకు రాలేకపోతున్న, ఏమనుకోకు. లగ్గానికి మాత్రం రెండు దినాల ముందే వస్త, పందిరి పని నాకు చెప్పు."

పిల్లనిచ్చిన మామకైతే ఇవే మాటలు "చెప్పిండ్రు", "ఏమనుకోకుండ్రి", "చెప్పుండ్రి" అని మారుతాయి. "నేను"తో ఉన్న క్రియలు ఏవీ మారవు. ఆఫీసులో పెద్దసారుకైతే "రాలేను సార్" చాలు, "సార్" అన్న పిలుపే మర్యాదను మోస్తుంది. "క్షమించండి" పుస్తకాల మాటలా ఉంటుంది. ఇంట్లో దాని పని "ఏమనుకోకు" చేస్తుంది.

ఆ తర్వాత మామ ఊరుకోడు. "ఒక్కదినం సెలవు పెట్టరాదు?" అంటాడు. ఆ బతిమాలడం కూడా మర్యాదలో భాగమే, అడగకపోతేనే కొదువ. అక్కడ కొత్త కారణం తీయొద్దు. రెండో కారణం చెబితే మొదటిది అబద్ధమనిపిస్తుంది, పైగా ఒక్కోదానికి ఆయన ఒక్కో ఉపాయం చెబుతాడు. చెప్పిన కారణమే అదే మెత్తదనంతో మళ్లీ చెప్పాలి. "మరి లగ్గానికైతే రావాలె" అన్నాడంటే ముచ్చట సర్దుకున్నట్టు. అప్పటికే "సరే తియ్" దాకా పోయి ఉంటే, కార్యం కాకముందే మనమే ఫోన్ చేసి "అన్నీ సర్దుకున్నయా మామా, ఎవరెవరు పోతున్నరు" అని అడగాలి. అయిపోయినంక అడిగితే పని చేయదు. మన బదులు తమ్మునితో చెప్పించడం, వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపడం పెద్దవాళ్ల దగ్గర పనికిరావు.

సమస్య 2: కాదన్నమనే అనుకున్నం, ఆయన సరే అన్నట్టు పట్టుకున్నడు

ఇది మొదటిదానికి తిరగబడ్డ రూపం. "చూస్త మామా", "ప్రయత్నం చేస్త" అన్న మాటలను పెద్దవాళ్లు మొహమాటపు "సరే"గా తీసుకుంటారు. తుఫాన్ బండిలో మనకో సీటు లెక్కపెట్టుకుంటారు. ఐతారం పొద్దున రాకపోతే, అది కాదనడం కాదు, మాట తప్పడం అయితది. మెత్తదనం చుట్టూ ఉండాలి, నడిమధ్య "రాలేకపోతున్న" అన్న మాట స్పష్టంగా వినబడాలి.

అప్పుకు జమానతు అడిగినప్పుడు ఈ తప్పు బాగా ఖరీదైతది. "నీ మాట కాదనలేను గని..." అని మొదలుపెడితే ఆయన చెవికి మొదటి సగమే ఎక్కుతుంది. "పెద్దనాయినా, నీకు అవసరం పడ్డదని తెలుసు. జమానతు సంతకం మాత్రం నాతోని కాదు" అనాలి. ఆ "మాత్రం" చాలా పని చేస్తుంది. సంతకం ఒక్కటే కాదన్నం, మనిషిని కాదనలేదు. "మా ఇంట్ల ఒప్పుకుంటలేరు" అని భార్య మీదికి నెట్టొద్దు. పెద్దాయన ఆమెకే ఫోన్ చేసి అడుగుతాడు, ఆ కోపం ఆమె మీద ఏండ్లకేండ్లు ఉంటది.

సమస్య 3: దోస్తు "ఏందిరా, గింత మర్యాద" అని ముఖం మాడ్చిండు

కారణం: పెద్దలకు వాడాల్సిన పద్ధతిని దోస్తు మీద వాడడం. "రాలేకపోతున్నాను, దయచేసి ఏమనుకోవద్దు" అంటే ఏదో దాస్తున్నట్టో, దూరం పెడుతున్నట్టో ఉంటుంది. ఇక్కడ వరుస తిరగేయాలి. కాదనేది ముందు, కారణం వెనక: "నేను రానురా, డ్యూటీ ఉంది." కారణం చెప్పకపోయినా నడుస్తుంది, అడిగితే చెప్పొచ్చు. "నాతోని కాదురా", ఆడ దోస్తుతోనైతే "నేను రానే", వాట్సాప్‌లో "సారీ రా" సరిపోతాయి. "చూస్త లే" అన్నా దోస్తుకు అది "రాను" అనే అర్థమైతది, పెద్దలకు అర్థం కానిది ఇదే.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. దోస్తు ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టినప్పుడో, వాళ్ల నాయిన పక్కన కూసున్నప్పుడో "రానురా, పోరా" అంటే ఆ పెద్దాయనకు తన ఇంటి కార్యాన్నే తోసేసినట్టు వినబడుతుంది. అప్పుడు దోస్తుకు "రాలేకపోతున్న రా" అని చెప్పి, "నాయినకు ఇయ్యి, నేనే చెప్త" అని ఫోన్ ఇప్పించుకుని ఆయనకు వేరుగా చెప్పాలి.