బిల్లు దగ్గర హెయిర్ స్పా మాటెత్తగానే క్లయింట్ ముఖం మారుతోందా?

సమస్య ఎలా కనిపిస్తుంది

అద్దంలో చూసుకుని సంతోషపడిన మనిషే కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ముభావంగా అయిపోతారు. "తర్వాత చూద్దాంలెండి" అంటూనే చెయ్యి బ్యాగులోకి వెళ్తుంది. మరుసటిసారి బిల్లు ఎంతో ముందే అడిగి, సరిగ్గా అంతే చేతిలో పెట్టుకుని వస్తారు, కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగరు. ఈ రెండోదే అసలు సూచన. "వద్దు" అనడం సహజం, కానీ కౌంటర్‌ని తప్పించుకోవడం మొదలైందంటే మనం అడిగే తీరులో లోపముంది.

మా సెలూన్లో జరిగింది చెప్తాను. ఒకావిడ రంగు, కటింగ్ చేయించుకున్నారు, బ్లో డ్రై కూడా అయింది. బిల్లు కొడుతూ మా అమ్మాయి అంది: "మేడం, మీ జుట్టు బాగా పొడిబారిపోయింది, హెయిర్ స్పా చేయించుకోండి." ఆవిడ వద్దన్నారు. "ముప్పావు గంటే మేడం, ఇవాళ ఆఫర్ కూడా ఉంది." పక్కన సోఫాలో ఇద్దరు కూర్చుని వింటున్నారు. ఆవిడ చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

కారణాలు

మొదటిది వేళ. హెయిర్ స్పా అంటే తల కడగాలి, క్రీమ్ పట్టించి మర్దన చేయాలి, ఆవిరి పట్టాలి, మళ్లీ కడిగి ఆరబెట్టాలి. అప్పుడే సెట్ చేసిన జుట్టుని ఎవరు తడుపుకుంటారు? పైగా అదే రోజు వేసిన రంగు మీద మళ్లీ కడగడం, ఆవిరి పట్టడం రంగుకీ మంచిది కాదు. అంటే ఆ రోజు చేయకూడని పనినే మనం అమ్మబోయాం.

రెండోది, మాట అన్నది ఎవరన్నది. ఆ జుట్టుని చేత్తో ముట్టుకున్నది స్టైలిస్ట్. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నలుగురి ముందు లోపం ఎత్తిచూపితే అది సలహాలా వినిపించదు, తలవంపులా ఉంటుంది.

మూడోది రెండోసారి అడగడం. వద్దన్నాక "ముప్పావు గంటే" అనడంతో, కాదన్న మనిషి మళ్లీ కాదనాల్సి వస్తుంది. రోజుకిన్ని అమ్మాలని టార్గెట్ పెట్టిన చోట ఇది తప్పదు, కాబట్టి ముందు ఆ టార్గెట్ తీసేయండి.

ఏం చేయాలి

మాట కుర్చీలోనే మొదలవ్వాలి. తడి జుట్టు దువ్వుతున్నప్పుడు చివర్లలో దువ్వెన చిక్కుకుంటే, స్టైలిస్ట్ మెల్లగా ఆవిడకి మాత్రమే వినిపించేలా చెప్పాలి: "ఇక్కడ చిక్కు పడుతోంది చూడండి, చివర్లు గరుకుగా ఉన్నాయి. మీకూ ఇంట్లో ఇలాగే అనిపిస్తోందా?" అవునంటే ఇంకో రెండు మాటలు చెప్పాలి. లేదంటే విషయం అక్కడితో వదిలేయాలి. చిట్లిన చివర్లు స్పాతో అతుక్కోవు, కత్తిరించాల్సిందే. ఆ సంగతి దాచకుండా చెప్పాలి. స్పాతో జుట్టు కొన్నాళ్లు మెత్తగా, చిక్కు పడకుండా ఉంటుంది, అంతే.

కుర్చీలో అవునన్న వాళ్లనే కౌంటర్ దగ్గర అడగాలి, అదీ వచ్చే విజిట్ గురించి: "స్టైలిస్ట్ స్పా గురించి చెప్పారట కదా మేడం. ముప్పావు గంట పడుతుంది, దీనికి ఇంత అవుతుంది. వచ్చేసారికి టైమ్ పెట్టమంటారా, లేక ఆలోచించుకుని ఫోన్ చేస్తారా?" ఎంతసేపు, ఎంత ఖర్చు అన్నవి అడగకముందే చెప్పేయడం ముఖ్యం. ధర తెలియక మొహమాటపడి కాదనేవాళ్లూ ఉంటారు, ధర తెలియక సరేనని బిల్లు చూసి బాధపడేవాళ్లూ ఉంటారు. "ఆలోచించుకుని" అన్న మాటతో, కాదనాలనుకునేవారికి గౌరవంగా తప్పుకునే దారి దొరుకుతుంది.

గోళ్ల పని సంగతి వేరు. రంగు పట్టించాక అరగంటో, ముప్పావు గంటో ఊరికే కూర్చోవాలి, చేతులు ఖాళీ. "ఈలోగా గోళ్లు ఫైల్ చేసి పాలిష్ వేయమంటారా?" అని అడగాల్సింది అప్పుడు. అదే మాట బిల్లు దగ్గర అడిగితే, వెళ్లబోతున్న మనిషిని తడి పాలిష్‌తో మళ్లీ కూర్చోబెట్టినట్టవుతుంది. గోరు రంగు మారినా, పక్కన వాచినా, చీము కనిపించినా ఏమీ అమ్మకండి, డాక్టర్‌కి చూపించుకోమనండి.

వద్దంటే జవాబు ఒక్కటే: "సరే మేడం", వెంటనే బిల్లు. ఆ మాట క్లయింట్ కార్డులో తేదీతో రాయాలి, లేకపోతే వచ్చేసారి ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి అడుగుతారు. నేనైతే మూడు విజిట్ల దాకా ఆ మాట ఎత్తనివ్వను, క్లయింటే అడిగితే తప్ప.

సర్దుకుందో లేదో తెలియాలంటే అదే కార్డులు చూడాలి. వద్దన్నవాళ్లు మామూలుగా వచ్చే వ్యవధిలోనే మళ్లీ వస్తున్నారా? వస్తుంటే అడిగే తీరు బాగున్నట్టే. రావడం ఆలస్యమవుతుంటే, కౌంటర్ దగ్గర ఒక గంట నిలబడి మన వాళ్ల మాటలు వినండి. చిల్లర వదిలేసి వెళ్లినావిడ విషయంలో నాకు పొరపాటు తెలిసింది అలా నిలబడి విన్నప్పుడే.