ప్యాకెట్ మీద తేదీలు: ఏది ఎవరికోసం?

అమెరికాలో చికెన్ ప్యాకెట్ మీద ‘సెల్ బై’ అని ఉంటే, అది ఎప్పటిలోగా అమ్మాలో షాపువాళ్లకు చెప్పే తేదీ. మీ ఫ్రిజ్‌తో దానికి సంబంధం లేదు. పచ్చి చికెన్, కీమా ఇంటికి తెచ్చాక 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1–2 రోజులే ఉంచాలి. శనివారం కొన్న ప్యాకెట్ మీద గురువారం తేదీ ఉన్నా సోమవారంకల్లా వండేయండి. కుదరదనిపిస్తే తెచ్చిన రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. సోమవారం దాకా ఆగి అప్పుడు ఫ్రీజ్ చేస్తే, కరిగించాక చేతిలో టైమ్ ఉండదు.

బ్రిటన్‌లో పచ్చి మాంసం మీద ఎక్కువగా ‘యూజ్ బై’ ఉంటుంది. అది భద్రతకు సంబంధించిన గడువు. ఆ రోజు దాటితే వాసన బాగున్నా తినకూడదు, ఎందుకంటే జబ్బు చేసే బ్యాక్టీరియా చాలాసార్లు వాసన రానివ్వదు. గడువు రోజు ముగిసేలోపు ఫ్రీజర్‌లో పెడితే మాత్రం ఫర్వాలేదు.

‘బెస్ట్ బిఫోర్’ వేరు, అది రుచికి సంబంధించింది. వెన్న, గట్టి చీజ్ లాంటివి ఆ తేదీ దాటగానే పారేయక్కర్లేదు, చూసి వాడుకోవచ్చు. మన దేశంలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా ఉండాల్సింది ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’. ‘బెస్ట్ బిఫోర్’ కంపెనీ ఇష్టం.

ఇంకోటి, ఈ తేదీలన్నీ సీలు విప్పనంతవరకే. పాల ప్యాకెట్ కత్తిరించాక, దాని మీద ఇంకా ఎన్ని రోజులున్నా లెక్కలోకి రావు.