కస్టమర్ల ఫోటోలు: రాకపోయినా తంటా, వచ్చినా తంటా

మాది విశాఖలో ఏటికొప్పాక లక్క బొమ్మల కొట్టు. కస్టమర్ల పోస్టులతో మాకు ఎదురైన చిక్కులివి.

సమస్య: బొమ్మలు కొంటారు, మెచ్చుకుంటారు. పోస్టు మాత్రం పెట్టరు.

కారణం: బిల్లు మీద "మమ్మల్ని ట్యాగ్ చేయండి" అని వేసి ఊరుకున్నాం. ఏం పెట్టాలో వాళ్లకెలా తెలుస్తుంది?

పరిష్కారం: ఇప్పుడు పెట్టెలో ఓ చీటీ పెడుతున్నాం: "మీ పాప ముందుగా ఏ పిడత అందుకుంది? ఒక ఫోటో తీసి పెట్టండి." కింద మా పేజీ పేరు. సంక్రాంతికి చీటీ మార్చి, బొమ్మల కొలువు ఫోటో అడుగుతాం. పోస్టుకి డిస్కౌంట్ ఇస్తే మాత్రం, అది ప్రమోషన్ అని పోస్టులోనే కనబడాలి. ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట ఉంది. ఆ తలనొప్పి ఎందుకని మేం డిస్కౌంట్ జోలికి పోలేదు.

సమస్య: ఇన్‌స్టాలో ట్యాగ్ చేశామంటారు, మన పేజీలో ఎవరికీ కనబడదు.

కారణం: చాలాసార్లు వాళ్లది ప్రైవేట్ అకౌంట్ అయి ఉంటుంది.

పరిష్కారం: ఫోటోనే వాట్సాప్‌లో పంపమని అడగండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టేయకండి. నలుగురికీ కనబడకూడదనేగా ప్రైవేట్ పెట్టుకున్నారు.

సమస్య: ఫోటో వాడుకున్నాక కస్టమర్‌కి కోపం వచ్చింది.

ఇది మా తప్పే. లక్కపిడతలతో ఆడుకుంటున్న పాప ఫోటోకి ఒకావిడ మమ్మల్ని ట్యాగ్ చేశారు. మేం స్టోరీలో షేర్ చేస్తే సంతోషించారు. ఆ ఊపులో అదే ఫోటోతో కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టించాం. మర్నాడే ఫోన్: "మా పిల్లని రోడ్డు మీద పెట్టడానికి మీరెవరండీ?"

కారణం: ట్యాగ్‌ని అనుమతి అనుకున్నాం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫోటో మీద హక్కు మామూలుగా తీసినవాళ్లది. వాడుకోవడానికి ఇచ్చే అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఈ ఫోటో తీసింది ఆవిడ కాదు, వాళ్ల తమ్ముడు! పైగా అందులో ఉన్నది చిన్నపిల్ల, కాబట్టి అమ్మానాన్నల ఒప్పుకోలు వేరుగా కావాలి.

పరిష్కారం: ఫ్లెక్సీ ఆ పూటే దింపేశాం. అప్పటినుంచి ప్రతి ఫోటోకీ ముందు ఈ మెసేజ్ వెళ్తుంది:

"నమస్తే అండీ. ఈ ఫోటో తీసింది మీరేనా? దీన్ని మా ఇన్‌స్టా పేజీలో, కొట్టు ముందు ఫ్లెక్సీ మీద ఆరు నెలలు వాడుకోవచ్చా? పాప మొహం కనబడొచ్చా? మీ పేరు వేయమంటారా? మధ్యలో వద్దంటే తీసేస్తాం."

ఎక్కడ, ఎన్నాళ్లు అన్నవి తప్పకుండా రాయాలి. పేజీకి "సరే" అన్నవాళ్లు ఫ్లెక్సీకి "వద్దు" అంటుంటారు. వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్‌ని ఆ ఫోటోతో పాటే ఒక ఫోల్డర్‌లో దాచుకుంటాం. జవాబు రాకపోతే ఆ ఫోటో వాడం.

ఆవిడకీ ఇదే మెసేజ్ పంపాం. తమ్ముడితో "సరే" అనిపించారు గానీ పాప మొహం మాత్రం వద్దన్నారు. ఇప్పుడు మా ఫ్లెక్సీ మీద రెండు చిన్న చేతులూ, ఎర్ర లక్కపిడతా ఉంటాయి.