బోరు నీళ్లలో ఇనుము ఎంతుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో ఎలా తేల్చాలి?

నర్సంపేట వైపు ఒక పాత బోరు, కేసింగ్ పైపు తుప్పు పట్టింది అనుకుందాం. నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, సీసాలో కాసేపుంటే పసుపు తేలి అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. ఆ మడ్డే ఇనుము. అందుకే నీళ్లు పట్టిన చోటే సీసాలో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. లేకపోతే సగం ఇనుము సీసా గోడలకే అంటుకుపోతుంది.

ముందు స్టాండర్డ్‌లు, అంటే ఇనుము ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు. లీటరుకు 10 మిల్లీగ్రాముల ఇనుమున్న ద్రావణం నుంచి 0, 2.5, 5, 10, 15, 20 మి.లీ. చొప్పున బీకర్లలోకి తీసుకోవాలి. మరో బీకరులో 25 మి.లీ. బోరు నీళ్లు. అన్నింటికీ ఒకటే వరస: 2 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1 మి.లీ. హైడ్రాక్సిలమైన్ వేసి మరిగించి, చల్లార్చి 50 మి.లీ. ఫ్లాస్కుల్లోకి మార్చాలి. తర్వాత 10 మి.లీ. అసిటేట్ బఫర్, 5 మి.లీ. ఫినాంత్రోలిన్ (0.1 శాతం) పోసి, గీత దాకా డిస్టిల్డ్ వాటర్ నింపాలి. పావుగంటలో నారింజ ఎరుపు తేలుతుంది, ఇనుము ఎంత ఎక్కువుంటే రంగు అంత ముదురు.

యంత్రాన్ని 510 నానోమీటర్ల దగ్గర పెట్టి, ఇనుము లేని ఫ్లాస్కుతో సున్నా చేసి, మిగతావి చదవాలి. క్యూవెట్‌ను గరుకు వైపే పట్టుకోవాలి. గ్రాఫు గీస్తే, లీటరుకు 4 మి.గ్రా. దాకా చుక్కలు ఇలాంటి సరళరేఖ మీద పడతాయి. ఇందులో A అంటే యంత్రం చూపే అబ్సార్బెన్స్, అంటే రంగు ఎంత వెలుగు మింగిందో చెప్పే అంకె; c అంటే ఫ్లాస్కులో లీటరుకు ఎన్ని మి.గ్రా. ఇనుముందో:

```
A = 0.198 c + 0.004
```

ఇప్పుడు అసలు తిరకాసు. బోరు ఫ్లాస్కు 1.10 చూపించింది. మన చివరి స్టాండర్డ్ 0.8 దగ్గరే ఆగింది. చాలామంది రేఖను స్కేలుతో పైకి పొడిగించి, 5.54 అని చదివి, 25 మి.లీ.ని 50కి చేశాం కాబట్టి రెండుతో గుణించి 11.1 రాసేస్తారు. అది తప్పు. ఆ ఎత్తులో డిటెక్టరుకు చేరే వెలుగు పదో వంతు కూడా ఉండదు. యంత్రంలో చెదిరిన వెలుగు ఏ కాస్త కలిసినా అబ్సార్బెన్స్ తక్కువ చూపిస్తుంది, రేఖ కిందికి వంగుతుంది.

మళ్లీ మొదటి నుంచి, ఈసారి 5 మి.లీ. బోరు నీళ్లే తీసుకోవాలి. రంగు వచ్చిన ద్రావణాన్నే పల్చన చేయొద్దు. ఇనుము మరీ ఎక్కువైతే ఫినాంత్రోలిన్ చాలదు, రాని రంగు పల్చన చేస్తే రాదు కదా. ఈసారి 0.242 వచ్చింది. 0.004 తీసి 0.198తో భాగిస్తే 1.20. 5 మి.లీ.ని 50కి చేశాం కాబట్టి పదితో గుణిస్తే లీటరుకు 12 మి.గ్రా. అంటే గీత పొడిగించి చెప్పిన అంకె దాదాపు ఎనిమిది శాతం తక్కువ.

నీళ్లు ముందే మసకగా ఉంటే, ఫినాంత్రోలిన్ ఒక్కటి మానేసి అదే నీళ్లతో ఇంకో ఫ్లాస్కు చేసి, దాని రీడింగు తీసేసి లెక్కకట్టాలి.